తెలియనివాళ్లు ఎందుకు నమ్మాలి? క్రౌడ్‌ఫండింగ్ వీడియోకి స్క్రిప్ట్ రాయడం

మా సీనియర్ అన్న ఒకాయన 20 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాడు. పేరు 'నాలుగో బోరు'. ఆయనకిది మొదటి సినిమా. దానికి 2,40,000 రూపాయలు క్రౌడ్‌ఫండింగ్‌లో అడగాలి. మనిషికి 500 అనుకుంటే 480 మంది కావాలి. టీమ్‌లో ఉన్న ఆరుగురం ఫోన్లలో కాంటాక్ట్స్ అన్నీ తీసి, నిజంగా డబ్బు పంపుతారనుకున్న పేర్లు రాసుకుంటే 150 దగ్గర ఆగిపోయింది. అంటే మిగతా 330 మంది మా ముఖం ఎప్పుడూ చూడనివాళ్లు. కాలేజీ పేరు విననివాళ్లు. ఆ 330 మంది కోసమే వీడియో. చుట్టాలు, ఫ్రెండ్స్ వీడియో చూడకపోయినా పంపుతారు (లేదా చూసి కూడా పంపరు). కాబట్టి వాళ్లని మర్చిపోయి, తెలియని మనిషి కోసం స్క్రిప్ట్ రాయాలి. ఆ పని నా మీద పడింది. అది ఎలా రాశామో, ప్రతి లైన్ ఎందుకుందో ఇక్కడ రాస్తున్నా. నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు, కొంచెం సర్దుకోండి.

ముందు ఒక విషయం. జనం డబ్బుతో సినిమా తీయడం మన దేశంలో కొత్త కాదు. 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన 'మంథన్'కి గుజరాత్‌లోని ఐదు లక్షల మంది పాడి రైతులు తలా రెండు రూపాయలు ఇచ్చారు. 2013లో వచ్చిన కన్నడ సినిమా 'లూసియా'కి పవన్ కుమార్ నిర్మాతలు దొరక్క జనాన్ని అడిగితే, నెల తిరగకుండానే 50 లక్షల పైన వచ్చాయి. ఈ రెండు కథలూ చెప్పి 'మనకూ వస్తాయి' అనేవాళ్లు చాలామంది కనిపిస్తారు. కానీ వాటిలో నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 'మంథన్'లో రైతులు నమ్మింది సినిమాని కాదు, రోజూ పొద్దున పాలు పోసే తమ సహకార సంఘాన్ని. 'లూసియా' నాటికి పవన్ కుమార్ 'లైఫు ఇష్టేనే' అనే సినిమా తీసి రిలీజ్ చేసేశాడు, ఆయన బ్లాగుకి చదివేవాళ్లు ఉన్నారు. అంటే రెండు చోట్లా నమ్మకం ముందే ఉంది, డబ్బు తర్వాత వచ్చింది. మొదటి సినిమా వాడికి సంఘమూ లేదు, తీసిన సినిమా కూడా లేదు. ఆ లోటంతా రెండున్నర నిమిషాల వీడియోనే పూడ్చాలి.

అన్న రాసుకున్న మొదటి డ్రాఫ్ట్ ఇలా మొదలైంది: 'చిన్నప్పటి నుంచి సినిమా అంటే నాకు ప్రాణం. రైతుల కన్నీటి గాథని ప్రపంచానికి చూపించాలన్నది నా కల. మాది ఒక ప్యాషనేట్ టీమ్. తెలుగు సినిమాలో ఇంతవరకు రాని కథ ఇది. మీరిచ్చే ప్రతి రూపాయి ఈ కలకి ఊపిరి పోస్తుంది.'

వినడానికి తప్పేమీ లేదు. కానీ నేను ఒక్కో వాక్యం పక్కన ఒకే ప్రశ్న రాశాను: 'నాకెలా తెలుసు?' సినిమా అంటే ప్రాణం అని నాకెలా తెలుసు? టీమ్ ప్యాషనేట్ అని ఎలా తెలుసు? ఐదు వాక్యాల్లో ఒక్కదానికి కూడా చూసేవాడు తనంతట తాను సరిచూసుకునే ఆధారం లేదు. పైగా ఈ ఐదు వాక్యాలనే, సినిమా తీసే ఉద్దేశం లేని మోసగాడు కూడా అక్షరం పొల్లుపోకుండా చెప్పగలడు. అదే అసలు సమస్య. మోసగాడు కూడా చెప్పగలిగిన వాక్యం నమ్మకాన్ని ఒక్క ఇంచు కూడా పెంచదు. లాగిన్ పేజీలో 'నేనే ఓనర్‌ని' అని టైప్ చేస్తే లోపలికి పంపం కదా, పాస్‌వర్డ్ అడుగుతాం. స్క్రిప్ట్ కూడా అంతే. పని చేసినవాడు మాత్రమే చెప్పగలిగిన మాటలు కావాలి.

ఇంకోటి. తెలియని మనిషి మనసులో ఉండే భయం 'వీడికి టాలెంట్ ఉందా' అని కాదు. 500 రూపాయలకి అంత పెద్ద ప్రశ్న ఎవరూ వేసుకోరు. 'వీడు పూర్తి చేస్తాడా, లేక డబ్బు తీసుకుని మాయమైపోతాడా' అన్నదే ప్రశ్న. చాలా వీడియోలు టాలెంట్ ప్రశ్నకి జవాబు చెప్తూ అయిపోతాయి. డ్రోన్ షాట్లు, స్లో మోషన్, గంభీరమైన మ్యూజిక్. పూర్తి చేస్తాడా అన్న ప్రశ్నకి వాటిలో జవాబు ఉండదు. అందుకని మేం టాలెంట్‌ని పక్కన పెట్టి, పూర్తి చేయడం చుట్టూ స్క్రిప్ట్ కట్టాం.

రాయడానికి ముందు లెక్క. లెక్క లేకుండా స్క్రిప్ట్ మొదలుపెట్టొద్దు, ఎందుకంటే మధ్యలో వచ్చే డబ్బు వాక్యాలే వీడియోకి వెన్నెముక. కథంతా ఒక పొలంలో రాత్రిపూట బోరు వేస్తుండగా జరుగుతుంది. రిగ్గు లారీ, దాని వెనకాల కంప్రెసర్ లారీ రెండు రాత్రులు కావాలి, దానికి 80,000. లైట్లు, జనరేటర్ 40,000. కెమెరా, లెన్సులు 24,000. లొకేషన్ సౌండ్ 20,000. నటులకి 20,000. పద్దెనిమిది మందికి తిండి, ప్రయాణం 36,000. తర్వాత సౌండ్ మిక్సింగ్, కలర్ 40,000. ఇవి కలిపితే 2,60,000. అనుకోనివాటికి పది శాతం, అంటే 26,000. డబ్బు ఇచ్చినవాళ్లకి పంపేవాటి ఖర్చు 14,000. మొత్తం సరిగ్గా మూడు లక్షలు.

ఇందులో రిగ్గు డబ్బు 80,000 టీమ్ సొంతం. మిగిలింది 2,20,000. చాలామంది ఇక్కడే ఆగి అంతే అడుగుతారు. కానీ ప్లాట్‌ఫామ్ కమీషన్, పేమెంట్ ఛార్జీలు, వాటి మీద జీఎస్టీ ఉంటాయి. ఇది ఒక్కో ప్లాట్‌ఫామ్‌కి ఒక్కోలా ఉంటుంది, మేం 8 శాతం వేసుకున్నాం. 2,20,000కి 8 శాతం కలపడం కాదు, కోత పోయాక 2,20,000 మిగలాలి. అంటే 2,20,000ని 0.92తో భాగించాలి. 2,39,130 వస్తుంది. దాన్ని 2,40,000 చేశాం. కోత 19,200 పోతే చేతికి 2,20,800. చిన్న తేడానే, కానీ కింద కామెంట్‌లో ఎవరో ఒక అకౌంటెంట్ బాబాయ్ కచ్చితంగా అడుగుతాడు, అప్పుడు జవాబు ఉండాలి.

ఇప్పుడు మాటల లెక్క. అన్న మామూలుగా మాట్లాడే స్పీడులో స్టాప్‌వాచ్ పెట్టి చదివిస్తే నిమిషానికి వంద మాటల దగ్గర వచ్చాయి. తెలుగులో మాటలు పొడుగు కదా, ఇంగ్లీష్ వీడియోల లెక్క మనకి సరిపోదు. రెండున్నర నిమిషాలకి 250 మాటలు. కానీ అందులో మాటలు లేకుండా చూపించాల్సినవి ఓ ముప్పై సెకన్లు ఉన్నాయి. కాబట్టి 200 లోపు మాటల్లో అంతా చెప్పాలి. అన్న మొదటి డ్రాఫ్ట్‌లో 460 మాటలున్నాయి. సగానికి పైగా తీసేయాలన్నప్పుడు ఏది తీసేయాలో 'నాకెలా తెలుసు' ప్రశ్నే తేల్చేసింది.

స్క్రిప్ట్‌ని రెండు వరసల్లో రాశాం, ఎడమ పక్క కనిపించేది, కుడి పక్క వినిపించేది. ఇక్కడ వరసగా ఇస్తున్నా.

మొదటి పన్నెండు సెకన్లు. కనిపించేది: రాత్రి, లైటు వెలుగులో బోరు గొట్టం పక్క నుంచి తెల్లటి దుమ్ము ఎగజిమ్ముతోంది. కంప్రెసర్ హోరు తప్ప ఇంకేం లేదు. ఐదు సెకన్ల తర్వాత అన్న గొంతు: 'ఈ దుమ్ము తెల్లగా, పొడిగా వస్తాందంటే కింద ఉత్త రాయే. నీళ్లు లేవు.'

ఇది అన్న పోయినేడాది వాళ్ల బాబాయి పొలంలో ఫోన్‌తో తీసుకున్న క్లిప్. క్వాలిటీ అంతంతమాత్రం. దీన్ని తీసేసి ఏదైనా మంచి స్టాక్ ఫుటేజ్ పెడదామని ఒకరన్నారు. వద్దన్నాం. డబ్బు పెట్టి కొన్న సూర్యోదయం ఎవడైనా పెట్టగలడు. ఆ దుమ్ము ముందు నిలబడ్డవాడికే ఈ క్లిప్ ఉంటుంది. పైగా పొడి దుమ్ముకి అర్థం చెప్పే ఆ ఒక్క వాక్యం, 'వీడికి ఈ విషయం తెలుసు' అని చెప్పకుండా చెప్తుంది. వేరే సినిమాల క్లిప్పులు, సినిమా పాటల మ్యూజిక్ మాత్రం అస్సలు వాడొద్దు. కాపీరైట్ సంగతి అలా ఉంచండి, ఇంకొకరి పని చూపించి డబ్బు అడుగుతున్నాడన్న అనుమానం వస్తే వీడియో అక్కడితో అయిపోయినట్టే.

తర్వాత ముప్పై ఐదో సెకను దాకా. కనిపించేది: పగలు, మూత పెట్టిన ఎండిపోయిన బోరు పక్కన అన్న నిలబడి కెమెరాలోకి చూస్తూ. వినిపించేది: 'నా పేరు ఫలానా. మాది అనంతపురం జిల్లా. మా నాయన మూడు బోర్లు ఏపిచ్చినాడు. 420 అడుగులు, 610 అడుగులు, 780 అడుగులు. మూడింట్లోనూ దుమ్మే. నాలుగోది ఏసే రాత్రి ఒక ఇంట్లో ఏం జరుగుతాదో, అది 20 నిమిషాల సినిమాగా తీస్తాండాము.'

(వీడియోలో అసలు పేరు ఉంది. పత్రిక కాబట్టి ఇక్కడ ఫలానా.)

ముఖం పదిహేను సెకన్ల లోపు రావాలి. వాయిస్ ఓవర్‌తోనే నడిపించి మనిషి చివర్లో కనిపిస్తే, చూసేవాడికి ఎందుకు దాక్కున్నాడనిపిస్తుంది. మూడు లోతులు ఎందుకు చెప్పించానంటే, 'రైతు కష్టాలు' అన్న మాట కన్నా 780 అనే అంకె బరువుగా ఉంటుంది. అది ఊహించి చెప్పే అంకె కాదు, అడుగుకింత అని డబ్బు కట్టినవాళ్ల ఇంట్లో అందరికీ నోటికి వచ్చే అంకె. ఈ కథని ఈయనే ఎందుకు తీయాలి అన్న ప్రశ్నకి వేరే జవాబు అక్కర్లేదు. కన్నీటి గాథ అన్న మాట మేం ఎక్కడా వాడలేదు. నాన్నగారి ఫోటో పెట్టి ఏడుపు మ్యూజిక్ వేయడం కూడా అన్న ఒప్పుకోలేదు. 'నాయన్ని చూపిచ్చి డబ్బులు అడగను రా' అన్నాడు. అది రైటే అనిపించింది. జాలి పడి ఇచ్చేవాడు ఒకసారి ఇస్తాడు, ఆ తర్వాత సినిమా ఏమైందో అడగడు కూడా.

ఇక్కడ భాష గురించి కాసేపు ఆగాలి. అన్న మొదట 'మా నాన్నగారు మూడు బోర్లు వేయించారు' అని న్యూస్ రీడర్‌లా చదివాడు. పేపర్ మీద తప్పు లేదు. కానీ కెమెరా ముందు ఆ వాక్యం చెప్పేటప్పుడు కళ్లు పైకి పోతున్నాయి, గుర్తు తెచ్చుకుంటున్నట్టు. గుర్తు తెచ్చుకునే కళ్లు, అబద్ధం చెప్పే కళ్లు దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. ఇంట్లో మాట్లాడే మాటలోకి మార్చగానే పేపర్ అవసరమే లేకుండా పోయింది. అందుకే నేను రాసిన వాక్యాలు ఆయన చేత చదివించలేదు. ఒక్కో భాగంలో చెప్పాల్సిన విషయాలు మూడు చెప్పి, ఆయన్ని మాట్లాడమని రికార్డ్ చేసి, అది విని స్క్రిప్ట్‌గా రాసుకున్నా. గుంటూరు వాళ్లకో, అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలకో ఏదైనా అర్థం కాకపోతే సబ్‌టైటిల్స్ ఉన్నాయి.

యాభై ఐదో సెకను నుంచి చెప్పాల్సిన ముఖ్యమైన వాక్యం దానికి ముందే వస్తుంది: 'ఇది నా మొదటి సినిమా. దీనికి ముందు తీసింది ఏమీ లేదు. అందుకే ఒక సీను ముందే తీసి పెట్టినాం. ఇరవై సెకన్లు చూడండి.'

ఈ లైన్ మీద టీమ్‌లో పెద్ద గొడవ అయింది. మన లోపం మనమే ఎందుకు చెప్పుకోవాలి అని. నా వాదన ఏంటంటే, అది దాచలేం. పేరు టైప్ చేసి వెతికితే అర నిమిషంలో తెలిసిపోతుంది. వాళ్లే కనుక్కుంటే అది దాచిన విషయం, మనమే చెప్తే అది మామూలు విషయం. కానీ చెప్పి ఊరుకుంటే లాభం లేదు. 'అందుకే' అనే మాట కావాలి, ఆ వెంటనే చూపించే పని కావాలి. అందుకే లేని నిజాయితీ ఒట్టి క్షమాపణలా ఉంటుంది.

ఆ ఇరవై సెకన్ల సీను: వంటింట్లో ఇల్లాలు రిగ్గు పనివాళ్లకి టీ పోస్తోంది. బయటి నుంచి కంప్రెసర్ హోరు. ఒక కుర్రాడు గ్లాసు తీసుకుంటూ 'ఎన్నో బోరు అక్కా?' అంటాడు. ఆమె పలకదు. గ్లాసులు లెక్కపెట్టుకుంటుంది. అంతే. ఫోన్‌తో, హాస్టల్ నుంచి తెచ్చిన రెండు టేబుల్ లైట్లతో తీశారు. ట్రైలర్‌లా ముక్కలు ముక్కలుగా కోయొద్దు అని గట్టిగా పట్టుబట్టాం. వేగంగా మారే షాట్లలో ఏ లోపమైనా దాక్కోవచ్చు. ఒక సీను ఆగకుండా ఇరవై సెకన్లు నడిస్తే, ఈ మనిషి నటుల చేత చేయించగలడు, సౌండ్ వినిపించేలా పట్టగలడు అని చూసేవాడికే తెలుస్తుంది. ఒకవేళ ఆ సీను బాగా రాకపోతే? అప్పుడు క్యాంపెయిన్ వాయిదా వేసి సీను మళ్లీ తీయాలి. దానికి వేరే దారి లేదు.

తర్వాత ఇరవై సెకన్లు టీమ్. మామూలుగా ఇక్కడ అందరూ వరసగా నిలబడి పేర్లు చెప్పి చేతులు ఊపుతారు. మేం ఇద్దరినే పెట్టాం. కెమెరామన్: 'నాలుగేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నా. రాత్రంతా నిలబడి తీయడం అలవాటే.' సౌండ్ చేసే అక్క: 'కంప్రెసర్ నడుస్తుంటే పక్కన మనిషి మాట కూడా వినపడదు. అందుకని లారీ ఆపి డైలాగ్ రికార్డ్ చేసి, లారీ చప్పుడు విడిగా పట్టుకుని తర్వాత కలుపుతాం.'

నన్నడిగితే వీడియో మొత్తంలో బెస్ట్ లైన్ అక్కదే. ఆ సినిమాలో అన్నిటికన్నా కష్టమైన సమస్య ఏంటో పేరు పెట్టి చెప్పింది, ఎలా దాటుతారో చెప్పింది. పని గురించి ఆలోచించనివాడికి ఆ సమస్య ఉందనే తెలియదు. మీరు స్క్రిప్ట్ రాస్తుంటే టీమ్‌లో ప్రతి ఒక్కరినీ 'ఈ సినిమాలో నీకు నిద్ర పట్టనివ్వంది ఏంటి' అని అడగండి. వచ్చే జవాబుల్లో ఒకటి నేరుగా స్క్రిప్ట్‌లోకి వెళ్లిపోతుంది. పెళ్లి వీడియోల మాట చెప్పడానికి కెమెరామన్ మొదట మొహమాటపడ్డాడు. కానీ చూసేవాళ్లలో ప్రతి ఒక్కరూ పెళ్లి వీడియోగ్రాఫర్‌ని చూశారు, ఆ పని ఎంత కష్టమో తెలుసు. తెలియని ఫెస్టివల్ అవార్డు కన్నా అది దగ్గరి సాక్ష్యం.

డబ్బు భాగం, పాతిక సెకన్లు. కనిపించేది: తెల్ల కాగితం మీద అన్న చేత్తో అంకెలు రాస్తుంటాడు, మధ్యలో రసీదు (ఫోన్ నంబర్లు కనపడకుండా). వినిపించేది: 'మొత్తం ఖర్చు మూడు లక్షలు. రిగ్గుకయ్యే 80,000 మాదే. 20,000 అడ్వాన్సు కట్టినాం, రసీదు ఇదిగో. మిగతా 60,000 చేతిలో ఉంది. మిమ్మల్ని అడిగేది 2,40,000. లైట్లు, జనరేటర్‌కి 40,000. సౌండు మిక్సింగు, కలర్‌కి 40,000. పద్దెనిమిది మంది తిండి, ప్రయాణానికి 36,000. మిగతా లెక్కంతా కింద రాసినాం.'

అన్ని అంకెలూ వీడియోలో చెప్పాలని చూడొద్దు, చెవికి మూడు నాలుగు మించి ఆగవు. పెద్దవి మూడు చెప్పి మిగతావి పేజీలో పెట్టడమే మంచిది. ఇక్కడ ముఖ్యమైనది సొంత డబ్బు మాట, అదీ 'ఇప్పటికే కట్టాం' అన్న భూతకాలంలో. 'మేం కూడా పెడతాం' అంటే మాట, 'కట్టినాం' అంటే రసీదు. తన డబ్బు ఇరుక్కున్నవాడు మధ్యలో వదిలేసి పోవడం కష్టమని అందరికీ తెలుసు, మళ్లీ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఈ భాగంలో ఒక మాట మాత్రం ఎంత ఆశ పుట్టినా రాయొద్దు: 'లాభం వస్తే వాటా ఇస్తాం.' తెలియనివాళ్ల దగ్గర లాభంలో వాటా ఆశ చూపి డబ్బు తీసుకుంటే అది బహుమతి కాదు, పెట్టుబడి. దానికి సెబీ నియమాలు వేరే ఉంటాయి, మన స్టూడెంట్ సినిమాకి అవి మోయలేని బరువు. పైగా షార్ట్ ఫిల్మ్‌లో లాభం అన్న మాట వినగానే తెలిసినవాడు నవ్వుకుని పక్కకి వెళ్లిపోతాడు.

తర్వాత పదిహేను సెకన్లు, ఏదైనా తేడా వస్తే ఏంటి అన్నది. 'వాన పడితే షూటింగ్ ఆగిపోతాది. అందుకే రెండు రాత్రుల పనికి నాలుగు రాత్రులు పక్కన పెట్టుకున్నాం. 2,40,000 పూర్తిగా రాకపోతే మాకు రూపాయి కూడా రాదు, మీ డబ్బు మీకే వెనక్కి వస్తాది.'

రెండో వాక్యం చెప్పాలంటే ప్లాట్‌ఫామ్ ఎంపిక ముందే జరగాలి. కొన్నిట్లో టార్గెట్ చేరకపోయినా వచ్చినంత తీసుకోవచ్చు, కొన్నిట్లో చేరితేనే డబ్బు. అమెరికాలో 2009లో మొదలైన కిక్‌స్టార్టర్ రెండో రకం. వచ్చినంత తీసుకోవడం మనకి హాయిగా ఉంటుంది కానీ, 70,000 వచ్చి ఆగిపోతే ఆ డబ్బుతో సినిమా అవ్వదు, ఇచ్చినవాళ్లకి జవాబూ ఉండదు. మొదటి సినిమాకి రెండో రకమే తీసుకోండి. ఆ నియమమే స్క్రిప్ట్‌లో ఒక వాక్యం అయిపోతుంది. కిక్‌స్టార్టర్ పేజీలో రిస్కులు రాయడానికి విడిగా ఒక భాగమే ఉంటుంది. చాలామంది అక్కడ 'మాకు పెద్దగా రిస్కులు లేవు' అన్న అర్థంలో ఏదో రాసేస్తారు. రిస్కు లేని సినిమా ఉండదని ఒక్క షార్ట్ ఫిల్మ్‌కి క్లాప్ కొట్టినవాడికైనా తెలుసు.

చివరి పది సెకన్లు: '500 పంపితే జూన్ 30 లోపల సినిమా లింకు మీకొస్తాది, చివర్లో మీ పేరు ఉంటాది. ప్రతి రెండో ఆదివారం పని యాడిదాకా వచ్చిందో వీడియో పెడతా.' తర్వాత ఒక్క సెకను నిశ్శబ్దం. కట్.

షూట్ మార్చిలో, ఎడిటింగ్ ఏప్రిల్‌లో. అన్న మే 15 అని చెప్తానన్నాడు. దానికి నెలన్నర కలిపి జూన్ 30 చేశాం. ఈథన్ మాలిక్ అనే ప్రొఫెసర్ 2014లో కిక్‌స్టార్టర్ ప్రాజెక్టుల మీద వేసిన పేపర్‌లో, డబ్బు వచ్చినవాటిలో ఎక్కువ భాగం చెప్పిన టైమ్ కన్నా ఆలస్యంగానే ఇచ్చాయని తేలింది. పూర్తిగా మోసం చేసినవి మాత్రం చాలా తక్కువట. అంటే తెలియని మనిషి మనల్ని అనుమానించే మోసం కన్నా, మనం ఊహించుకోని ఆలస్యమే నిజంగా జరిగేది.

అదే పేపర్‌లో ఇంకో విషయం మన క్లబ్ వాళ్లకి నచ్చుతుంది. పేజీలో స్పెల్లింగ్ తప్పులున్న ప్రాజెక్టులు గెలిచే అవకాశం తక్కువట. తెలుగులో ఈ బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే మనం సరిగ్గా టైప్ చేసినా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పాడు చేస్తుంది. సౌత్ ఏషియన్ టెక్స్ట్ సెట్టింగ్ ఆన్ చేయకపోతే కొన్నిట్లో ఒత్తులు కింద పడకుండా పక్కన విడివిడిగా నిలబడతాయి. 'ఖర్చు' అన్న మాట స్క్రీన్ మీద విరిగిపోయి కనిపిస్తే, లెక్క ఎంత సరిగ్గా ఉన్నా చూసేవాడికి ఏదో తేడాగా అనిపిస్తుంది. ఎక్స్‌పోర్ట్ చేశాక ఫోన్‌లో పెట్టి ప్రతి అక్షరం చూడండి.

పరీక్ష ఎలా చేశామంటే, మా బ్రాంచ్ కాని నలుగురికి, హాస్టల్ వాచ్‌మన్ తాతకి ఒక్కసారి మాత్రమే చూపించాం. 'ఎలా ఉంది' అని అడగలేదు. ఆ ప్రశ్నకి మనవాళ్ల జవాబు ఎప్పుడూ 'బాగుంది'. మూడే అడిగాం: ఎంత అడిగారు, దేనికి, డబ్బు సరిపడా రాకపోతే ఏమవుతుంది. మొదటి రెండూ అందరూ చెప్పారు. మూడోది ఇద్దరికి గుర్తు లేదు. కారణం వెతికితే, ఆ వాక్యం నడుస్తున్నప్పుడు స్క్రీన్ మీద రిగ్గు లారీ కదులుతోంది, కళ్లు దాని వెంట పోయాయి. లారీ షాట్ తీసేసి అన్న ముఖం పెట్టాం. తర్వాత చూపించిన ముగ్గురూ చెప్పారు. ఎవరైనా మధ్యలో ఫోన్ టైమ్ చూసుకుంటే ఆ సెకను రాసుకోవడం కూడా పనికొచ్చింది. అలా టీమ్ భాగంలో మూడో మనిషి ఎగిరిపోయాడు (ఆ మూడో మనిషి నేనే, స్క్రిప్ట్ రైటర్‌గా రెండు లైన్లు పెట్టుకున్నా).

తాత మాత్రం మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పి, ఫోన్ తిరిగి ఇవ్వకుండా, 'ఇంతకీ నీళ్లు పడతాయా లేదా సినిమాలో?' అన్నాడు. అన్న నవ్వి, 'జూన్‌లో చూద్దువులే తాతా' అన్నాడు. ఆ జవాబు ఎక్కడైనా వీడియోలో తెలిసిపోతోందేమోనని ఆ రాత్రి స్క్రిప్ట్ మొదటి నుంచి మళ్లీ ఒకసారి చదివాం. తెలియట్లేదు.